తీగకు గుచ్చిన ఉత్తరాలు

పర్లాకిమిడిలో నా బతుకుతెరువు దస్తావేజుల తర్జుమా. ఈ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్నప్పుడు రాసుకున్న అమ్మకపు పత్రాలు, భాగపంపకాలు, తనఖా కాగితాలు ఇక్కడ చాలా ఇళ్ళలో ఇప్పటికీ తెలుగులోనే ఉన్నాయి. స్థలం తగాదా కోర్టుకెక్కితే వకీలుకి అవి ఒడియాలో కావాలి. నేను బళ్ళో చదివింది ఒడియా, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అంచేత ఆ కాగితాలు నా బల్ల మీదికొస్తాయి. చెప్పుకుంటే గొప్పగా ఉంటుందిగానీ, అది అంత కష్టమైన పని కాదు. "పుత్రపౌత్ర పారంపర్యంగా" అన్నదాన్ని ఒడియాలో కాస్త తోక మార్చి రాస్తే సరిపోతుంది. దాన, విక్రయ, హక్కు, సరిహద్దు, సాక్షి అన్నీ రెండువైపులా తెలిసిన మొహాలే.

మా నాన్నమ్మ ఉత్తరాలు తర్జుమా చెయ్యమని కటక్ నుంచి వదిన అడిగినప్పుడు కూడా అదే లెక్కలో సరేనన్నాను. వదిన అంటే మేనత్త కూతురు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేదు. ఆవిడ పిల్లలకి వినడం కూడా రాదు. "పిల్లలకి ఒడియాలో ఉంటే చాలమ్మా, నువ్వు రోజూ చేసే పనే కదా" అంది.

తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అప్పట్లో ఇటువైపు నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి అక్కడ పనికెళ్ళినవాళ్ళు చాలామంది. నిమ్‌పురా, మథురాకాటీ, గోల్‌బజారు వైపు తెలుగు మాట వినపడేదని నాన్న చెప్తాడు. నలుగురైదుగురు ఒకే గదిలో ఉండి వంతులేసుకుని వండుకునేవారు. నాన్నమ్మ ఇక్కడ అత్తమామల దగ్గర ఉండేది. తాత రావాలంటే మెయిన్ లైన్‌లో నౌపడ దాకా వచ్చి, అక్కడినుంచి చిన్న రైలు పట్టుకోవాలి. 1900లో వేసిన ఆ చిన్నగేజి ఇప్పుడు లేదు, పెద్దలైను పడింది. ఉత్తరాలన్నీ తాత ఖరగ్‌పూర్‌లో దాచుకున్నవే. రిటైరై వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలో పెట్టి తెచ్చాడు.

దాచుకోవడమంటే ఎలా? ఆ రోజుల్లో అందరిలాగే ఇనపతీగకు గుచ్చి. ఒక చివర చెక్కముక్క, రెండో చివర కొక్కెం. వచ్చిన ఉత్తరం చదవడం, మడిచి తీగలోకి దించడం, గోడకు తగిలించడం. ఇన్‌లాండు లెటర్ మూడు మడతలుంటుంది కాబట్టి తీగ ఒక్కసారి దిగితే కాగితానికి మూడు చిల్లులు, మూడూ ఒకే ఎత్తున. ఏళ్ళ తరబడి తుప్పు తగిలి ఒక్కో చిల్లు మినపగింజంత అయింది. చుట్టూ గోధుమరంగు మరక. వెనకా ముందూ రాత ఉన్నచోట ఒక చిల్లుకి రెండు అక్షరాలు పోయాయి. ముప్పై పైచిలుకు ఉత్తరాల్లో చిల్లు ఖాళీ జాగాలో పడ్డవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నాన్నమ్మ ఖాళీ వదిలే మనిషి కాదు. అంచుల్లో కూడా నిలువుగా తిప్పి రాసింది.

ముందు వాటిని తీగ నుంచి తియ్యాలి. లాగితే మరక దగ్గర కాగితం చిట్లుతుంది. తీగ కొక్కెం వైపు కోసేసి, ఒక్కో ఉత్తరాన్ని తిప్పుతూ బయటికి తెచ్చాను. చిరిగిన మడతలకి సెలోటేపు అంటించాలనిపిస్తుంది. అంటించకూడదు. నాలుగేళ్ళకి ఆ జిగురు పసుపుగా మారి అక్షరాన్ని తినేస్తుంది. దస్తావేజుల్లో ఆ గతి చాలాసార్లు చూశాను. తడి అసలే తగలకూడదు, ఎందుకంటే సగం ఉత్తరాలు కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. పొడిగా ఉన్నంతసేపు మామూలు పెన్సిల్లా బూడిదరంగు, చెమ్మ తగిలిందా ఊదారంగు సిరా అయి పాకిపోతుంది. కొన్నిచోట్ల అలా పాకిన మచ్చలున్నాయి. వాన చినుకులో, పెన్సిల్ మొన నాలికకి తాకించి రాసే అలవాటో, ఇంకేదైనానో. వదిన అయితే వెంటనే కన్నీళ్ళే అంది. నేను రాసిన దాంట్లో "మరక" అని మాత్రమే పెట్టాను.

చదవడానికి పగటి వెలుతురు పక్కనుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకున్నాను. పెన్సిల్ నొక్కిన గాడి ఉంటుంది కదా, వెలుతురు అడ్డంగా పడితే రంగు పోయినచోట కూడా ఆ గాడి కనిపిస్తుంది. తరవాత తెలుగులోనే మొదటి ప్రతి రాసుకున్నాను, ఆవిడ రాసింది రాసినట్టు. ఇది దస్తావేజుల పనిలో అలవాటు. దిద్దుతూ ఎత్తిరాస్తే తరవాత ఏది ఆవిడది, ఏది నాదో తెలీదు. నాన్నమ్మ నాలుగో క్లాసు దాకా చదివింది. మాటకీ మాటకీ మధ్య ఎడం లేదు. "ధర్మం" అన్నది "ధమ౯ం" అని పాత వలపలగిలకతో రాసింది, ఎవరో పాత పంతులు నేర్పి ఉంటాడు. మిగతాదంతా నోటితో ఎలా అంటే అలాగే. "ఒగ్గీసేను", "అంపుతాను", "కట్టీసేను", "ఏటి". మా ఊళ్ళో మాస్టరీ చేసిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా వాదించింది ఇలా రాయొచ్చనే. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మా నాన్నమ్మకి ఆయన పేరు తెలిసుండదు.

ఉత్తరాలకి తేదీలు లేవు. "చవితెళ్ళిన శనారం" లాంటివే ఉన్నాయి. వరస కట్టాలంటే వేరే గుర్తులు వెతకాలి. ఇన్‌లాండు మీద అచ్చైన స్టాంపులో "నయే పైసే" అని ఉంటే అది 1957కీ 1964కీ మధ్యది. పిన్‌కోడ్ గళ్ళు ఉంటే 1972 తరవాతది. పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా పడ్డవి కొన్ని. రెండుచోట్ల నాన్నమ్మే "శోభకృతు" అని వేసింది. మొన్న 2023లో వచ్చింది కదా శోభకృతు, అరవై ఏళ్ళు వెనక్కి వేస్తే 1963. ఆ ఏడాది శ్రావణంలో నాన్న పుట్టాడు. స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్నది మాస్టారు వేసిన జూలై 1, దాన్ని పక్కనపెట్టండి. ఈ వరస కట్టడం ఊరికే నా చాదస్తం అనుకున్నాను, కానీ దానివల్లే తరవాత ఒక ఉత్తరం నాకు అర్థమైంది.

తర్జుమా మొదలుపెట్టాక మొదటి నాలుగు వరసలూ చకచకా అయిపోయాయి. "మహారాజశ్రీ మీ పాదములకు నమస్కరించి రాయునది ఏమనగా ఇచట అందరం క్షేమం మీ క్షేమం రాయగలరు." ఇది దస్తావేజు భాషకి చుట్టమే. అందరూ అలాగే రాసేవారు. ఉత్తరం ఇంట్లో పదిమంది ముందూ చదువుతారు, అక్కడ గదిలో నలుగురూ వింటారు. పై నాలుగు వరసలు వాళ్ళకోసం. ఆ తరవాత ఆవిడ మాటలు మొదలవుతాయి. నా కలం ఆగింది అక్కడే.

మొదట నన్ను మోసం చేసినవి కష్టమైన మాటలు కావు, తెలిసిన మొహాలే. "మీ అభిమానం ఉంటే సాలు నాకేటీ ఒద్దు" అని రాసింది. ఒడియాలోనూ అభిమాన అనే మాట ఉంది. కానీ ఒడియాలో దాని అర్థం అలక. మనవాళ్ళ మీద ముఖం ముడుచుకోవడం. అలాగే దింపితే "మీరు అలిగితే నాకు చాలు" అని అవుతుంది. మనం అభిమానం అనేదానికి ఒడియావాళ్ళు వాడేది శ్రద్ధా. మనకి శ్రద్ధ అంటే పనిమీద ధ్యాస. వాళ్ళకి అది మనిషి మీద ఇష్టం. పాపం కూడా అంతే. "పాపం సేతులు కాల్సుకుంతున్నారు" అంటే తాత తన వంట తానే వండుకుంటున్నందుకు జాలి. ఒడియాలో పాప అంటే చేసిన పాపమే, జాలి కాదు. చేతులు కాలడమంటే నిజంగా బొబ్బలెక్కడమే. ఆ వాక్యం "ఆహా, నిజే రాంధి ఖాఉఛంతి" అయింది. ఆహా, తనే వండుకు తింటున్నారు అని. అర్థం అందింది, కాలిన చేతులు మాత్రం పోయాయి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవాల్సి వచ్చింది.

అప్పుడర్థమైంది నా దస్తావేజుల పని ఎందుకు సుళువో. అక్కడున్నవి ఎక్కువగా సంస్కృతం మాటలు. స్థలాలూ వాటాలూ చెప్పేటప్పుడు అవి రెండు భాషల్లోనూ ఒకే అర్థంతో నిలబడతాయి. అవే మాటలు మనసు సంగతి చెప్పాల్సి వస్తే ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టాయి. ఇక నాన్నమ్మ ఎక్కువగా వాడినవి అసలు సంస్కృతం మాటలే కావు.

బెంగ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఒక ఉత్తరంలో ఇలా ఉంది: "అత్త కాళ్ళనొప్పులు తగ్గినాయి. మీరు బెంగెట్టుకోకండి. నాకేటి బెంగ నేదు." మొదటి బెంగ ఇంటిగురించి దిగులు, ఆరాటం. రెండోది అది కాదు. పుట్టిల్లు వదిలి వచ్చిన పిల్లకి, తల్లి ఊరెళ్ళిన పసివాడికి పట్టుకునేది. దానితో జ్వరం కూడా వస్తుందని మావైపు నమ్మకం. తెలుగులో రెండూ ఒకటే మాట కాబట్టి ఆవిడ మొదటిదాని చాటున రెండోది చెప్పగలిగింది. ఆ మాట తీసుకురావాల్సిన అవసరం ఆవిడకి లేదు, ఎవరూ అడగలేదు కూడా. ఒడియాలో చింతా అని రాస్తే మొదటిది సరిపోయింది. రెండోదానికీ చింతా అంటే "నాకేమీ విచారం లేదు" అని ఊరికే ధైర్యం చెప్పినట్టుంది.

మా ఎదురింటి మౌసీ బ్రహ్మపురం నుంచి కోడలిగా వచ్చిన ఒడియా ఆవిడ. డెబ్భై దాటాయి. తెలుగు మాతో మాట్లాడీ మాట్లాడీ వచ్చేసింది. ప్రతి ఉత్తరం ఒడియాలో రాశాక ఆవిడకి చదివి వినిపించేదాన్ని, తెలుగు చెప్పకుండా. ఎక్కడ ఆవిడ మొహం చిట్లిస్తే అక్కడ గీత పెట్టుకునేదాన్ని. ఈ పనిలో నేను కనుక్కున్న ఒకే ఒక్క మంచి ఉపాయం ఇది. కళ్ళతో చదివితే మన వాక్యం మనకి ఎప్పుడూ బాగానే ఉంటుంది.

చింతా రెండోసారి రాగానే మౌసీ చెయ్యెత్తింది.

"మీ నాన్నమ్మ ఏం చెప్పింది, తెలుగులో చెప్పు."

చెప్పాను.

"బెంగ అంటే దేని బెంగ? అప్పుందా? రోగముందా?"

"లేదు మౌసీ. మొగుడు లేడు కదా, ఆ బెంగ."

"అయితే చింతా ఏంటే పిచ్చిదానా. ఝురిబా."

ఝురిబా అంటే లేని మనిషికోసం లోపల్లోపల ఎండిపోవడం. నాకు ఆ మాట తెలుసు, పాటల్లో విన్నాను. కానీ బళ్ళో నేర్చుకున్న ఒడియాలో అది నోటికి వచ్చే మాట కాదు. "ముఁ ఝురు నాహిఁ" అని రాస్తే సరిగ్గా కూర్చుంది. అయితే తెలుగులో ఒకే మాట రెండుసార్లు వచ్చి చేసిన పని పోయింది. ఒడియాలో ఒకటి చింతా, ఒకటి ఝురిబా. చాటు లేదు, నాన్నమ్మ నేరుగా బయటపడినట్టుంది. దీనికి మందు దొరకలేదు. చివరికి రెండు వాక్యాల్నీ విడగొట్టకుండా ఒకే ఊపిరిలో కలిపి, మధ్య చుక్క తీసేశాను. కనీసం రెండోది మొదటిదాన్ని తగులుకునైనా వస్తుందని.

మాటల కన్నా తోకలు ఇంకా తిప్పలు పెట్టాయి. తాత రాలేనని కబురు పెట్టిన తరవాత ఒక ఉత్తరంలో ఆవిడ రాసింది: "మీ ఈలు సూసుకోనే రండి. గుంటడేటీ పారిపోడు లెండి." ఆ "లెండి"లో ఉన్న వేడి మన చెవికి తెలుస్తుంది. తెలుగులో అది సర్దుబాటులా కనిపించే దెబ్బ. ఒడియాలో చివర తగిలించే అలాంటి ముక్క నాకు దొరకలేదు. దాన్ని వాక్యం చివరినుంచి తీసి ముందుకు తెచ్చాను, "హఉ" అని. సరేలే అన్నట్టు. మధ్యలో ఒక "త" వేశాను. "హఉ, పిలాటా త పళేఇ జాఉనాహిఁ." మౌసీ విని పకపకా నవ్వి, "ఇదీ అభిమాన అంటే" అంది. ఆ మాట ఒడియాలో ఎక్కడ పనికొస్తుందో నాకు అప్పుడు బాగా తెలిసింది. అయితే ఆ మాట ఉత్తరంలో రాయనక్కర్లేదు, వినేవాళ్ళ నోట రావాలి.

గుంటడు సంగతి కూడా ఒకమాట. మావైపు పిల్లవాణ్ణి గుంటడు అంటే తిట్టు కాదు. పైకి ముద్దుచేస్తే దిష్టి తగులుతుందని మోటుగా పిలుచుకోవడం. పుఅ అని రాస్తే కొడుకు అవుతుంది, గౌరవంగా ఉంటుంది, ఆవిడ గొంతు ఉండదు. టోకా అంటే వీధిలో తిరిగే ఎదిగిన కుర్రాడు. పిలాటా దగ్గర ఆగాను. "ఆ పిల్లకాయ" అన్నట్టు కాస్త చులకన, కాస్త దగ్గరితనం.

ఇప్పుడు ఆ చిల్లు ఉత్తరం. తారీఖు లేదు, కానీ చవితి వెళ్ళిందని, దసరా వస్తోందని ఉంది. ఖరగ్‌పూర్ ముద్రలో సంవత్సరం 63 వరకు కనిపిస్తోంది. అంటే భాద్రపదం. అత్త సంగతి, వాన సంగతి, ఆవకాయ సీసాకి గుడ్డ కట్టి ఊరి మనిషితో అంపుతున్న సంగతి అయ్యాక ఇలా ఉంది:

"గుంటడు రోజూ అడుగుతున్నాడు ఎప్పుడొస్తా"

చిల్లు.

"అనీసి."

తుప్పు ఒక అక్షరాన్ని పూర్తిగా తినేసింది. మూడింటిలో ఏదైనా కావచ్చు. ఎప్పుడొస్తాడు అనీసి, అంటే నాన్న ఎప్పుడొస్తాడని పిల్లాడు ఇంట్లోవాళ్ళని అడగడం. ఎప్పుడొస్తారు అనీసి, అంటే ఆవిడ తన మర్యాదలోకి మార్చి చెప్పడం. ఎప్పుడొస్తావు అనీసి, అంటే పిల్లాడు నేరుగా తండ్రినే అడగడం. ఉత్తరాలన్నిటిలోనూ నాన్నమ్మ తాతని మీరు అనే రాసింది, ఒక్కచోట కూడా తప్పలేదు. కాబట్టి అర్థం మీద పందెం వేస్తే "డు" అనుకోవాలి, అదే అన్నిటికన్నా మామూలు. ఒడియాలో ఇది తేల్చకుండా దాటెయ్యడం కుదరదు. ఎందుకంటే అక్కడ మర్యాదకి మూడు మెట్లు. తు అయితే "ఆసిబు", తుమె అయితే "ఆసిబ", ఆపణ అయితే "ఆసిబె". వచ్చేది మూడో మనిషైతే మామూలుగా "ఆసిబ", మర్యాదగా "ఆసిబె".

దస్తావేజుల్లో సర్వే నంబరు మీద చిల్లు పడితే మేం చేసేదే చేశాను. అర్థం వదిలేసి అంచు చూడటం. మామూలుగా డుకీ రుకీ కొమ్ము అక్షరం పక్కన తగులుకుని పైకి పోతుంది. వుకీ పుకీ అలా కాదు, కొమ్ము కింద అంచునుంచి తిరిగి పక్కకి లేస్తుంది. నాన్నమ్మ చేతిరాతలో ఆ తేడా ఉందా లేదా అని ముందు మిగతా ఉత్తరాల్లో చూశాను. "బాగున్నారు", "లేడు", "సెరువు", "నెలవు" అన్నీ ఏరి పక్కపక్కన పెట్టాను. ఉంది. ఆవిడ వు కొమ్ము అయితే బాగా దిగుతుంది, గీత దాటి కింది వరసని తాకేంత. అప్పుడు ఆ చిల్లు దగ్గర వెలుతురు అడ్డంగా పడేలా పెట్టి చూశాను. చిల్లు కింది అంచున, మరక లోపల, పెన్సిల్ గాడి ఒకటి వంపు తిరిగి ఉంది. పక్కన పైభాగంలో ఏమీ లేదు.

ఒస్తావు.

అక్కడిదాకా అది అక్షరాల పంచాయితీ. వరస కట్టిన చిట్టా పక్కనే ఉంది కాబట్టి ఇంకోటి తట్టింది. ఇది 1963 భాద్రపదం. నాన్న పుట్టింది అంతకుముందు శ్రావణంలో. రోజూ అడుగుతున్న ఆ గుంటడికి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "నేనెప్పుడడిగానే?" అన్నాడు.

ఇంట్లో అత్త ఉంది, చదివిపెట్టే మావ ఉన్నాడు, అక్కడ గదిలో నలుగురున్నారు. మీరు అనే చేతితో నువ్వు అని రాయాలంటే ఎవరి నోరైనా కావాలి కదా. ఇంకా మాటలు రాని పిల్లాడి నోరు ఆవిడకి దొరికింది.

దీనికోసం అంతకు ముందు చేసిందంతా వెనక్కి వెళ్ళి సరిచూసుకున్నాను. అప్పటిదాకా మీరు అన్నచోట్ల కొన్నిసార్లు ఆపణ, కొన్నిసార్లు తుమె రాస్తూ వచ్చాను, వాక్యం ఎలా వినపడితే అలా. మౌసీ వాదన ఏంటంటే పెళ్ళాం మొగుణ్ణి ఆపణ అనదు, అది కలెక్టరుకి రాసే మాట. "మేం మా ఆయన్ని శుణుఛ అని పిలిచేవాళ్ళం, వింటున్నావా అని. అది తుమె కాదూ?" నిజమే. ఒడియా ఇంట్లో అలాగే. కానీ ఉత్తరాలన్నీ తుమెలో పెడితే ఆ చిల్లు దగ్గర దిగడానికి మెట్టు మిగలదు. తు అన్నది ఇంకా కిందికి పోతుంది. తల్లినీ దేవుణ్ణీ తు అనొచ్చు, మొగుణ్ణి అంటే పోట్లాటలా ఉంటుందని మౌసీయే చెప్పింది. అందుకని మొత్తం ఆపణకి మార్చేశాను, బిగుసుకున్నట్టున్నా సరే. నాన్నమ్మ తెలుగు కూడా పైకి బిగుసుకునే ఉంది. ఆ ఒక్క వాక్యమే ఇలా వచ్చింది: "పిలాటా సబుదినె పచారుఛి, తుమె కేబె ఆసిబ బోలి." ఒడియా పిల్లలు తండ్రిని తుమె అనడం మామూలే కాబట్టి చదివేవాళ్ళకి పంటికింద రాయిలా తగలదు. కావాలంటే ఆగి చూసుకుంటారు, లేకపోతే దాటిపోతారు. కింద ఏ గమనికా పెట్టలేదు. పెట్టాలని వదిన అంది. పిల్లాడి వయసు చెప్తే చాలన్నాను. ఉత్తరం పైన "1963, భాద్రపదం. పిల్లవాడికి రెండో నెల" అని ఒక్క వరస ఉంది.

మౌసీ ఇప్పటికీ ఒప్పుకోలేదు. "ఆపణ ఆపణ అంటుంటే మీ తాత తహసీల్దారేమో అనుకుంటారు" అంటుంది. ఆవిడ చెప్పినట్టు తుమెలో పెట్టిన ఒక ప్రతి కూడా నా దగ్గరుంది. చదవడానికి అదే హాయిగా ఉంటుంది, అబద్ధం చెప్పను.

చిల్లుల్లో పోయినవన్నీ ఇలా దొరకలేదు. అంచు మిగలని చోట, అర్థం బట్టి ఊహించడానికి వీల్లేని చోట, ఒడియాలో కూడా చదరపు కుండలీకరణాలు పెట్టి ఖాళీ వదిలాను. ఒకచోట "మీరు ఎల్లినకాడ్నించి నా" తరవాత మొత్తం మాటే లేదు. ప్రాణమో, కళ్ళో, నిద్రో. వదినకి ఏదో ఒకటి పెట్టాలని ఉంది, పిల్లలు చదువుతారు కదా అని. కోర్టు కాగితంలో లేని అక్షరం రాస్తే నా చేతికి సంకెళ్ళే. అలవాటుకొద్దీ ఇక్కడా రాయలేదు.

ప్రతులు స్పైరల్ బైండింగ్ చేయించి కటక్ పంపాను. వారం తిరక్కుండా వదిన ఫోన్ చేసింది. బెంగ గురించో ఒస్తావు గురించో మాట్లాడుతుందని చూస్తున్నాను.

"అదంతా సరేగానీ, ఆ ఇత్తడి బిందె బాకీ ఏమైంది? మూడు ఉత్తరాల్లో అడిగింది అమ్మమ్మ. తాత డబ్బు పంపాడా లేదా?"

దానికి జవాబు నాన్నమ్మ ఉత్తరాల్లో ఉండదు. తాత ఉత్తరాలు రాసే మనిషి కాదు. నెలనెలా మనియార్డరు పంపేవాడు. ఆ ఫారం కింద చిన్న కూపన్ ముక్క ఉండేది, డబ్బు అందుకున్నవాళ్ళకి పోస్టుమేన్ చింపి ఇచ్చేవాడు, అందులో రెండు మూడు మాటలు రాయడానికి చోటుండేది. నాన్నమ్మ వాటిని తీగకి గుచ్చలేదు, పంచాంగంలో పెట్టి ఉంచింది. చిల్లులు లేవు. వెతికితే దొరికింది: "రు. 25 పంపితిని. బిందెకు 8 తీసి ఇవ్వవలెను. క్షేమం." దసరా నాటిది కూడా ఉంది: "శెలవు లేదు. సంక్రాంతికి."

"అవి కూడా ఒడియాలో రాసి పంపు" అంది వదిన. కూపన్లన్నీ కలిపి ఒక్క పూటలో అయిపోయాయి, మౌసీకి వినిపించాల్సిన పని కూడా పడలేదు.